లాభం పెరిగింది సరే, డబ్బు వచ్చిందా?

ఏప్రిల్ రెండో వారం నుంచి మే నెలాఖరు దాకా పత్రికల వ్యాపార పేజీల్లో ఒకే రకం శీర్షికలు కనిపిస్తాయి. ఫలానా కంపెనీ లాభం 62 శాతం పెరిగింది, ఫలానా కంపెనీ లాభం రెట్టింపయింది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిశాక 60 రోజుల్లోగా లిస్టెడ్ కంపెనీలు వార్షిక ఫలితాలు ప్రకటించాలన్నది సెబీ నిబంధన. అందుకే అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచినవారు ఆ శీర్షిక చదివి, ఫోన్లో షేరు ధర చూసి, కొనేస్తారు. ఆ 62 శాతం ఒక పేజీలోని చిట్టచివరి వరుస మాత్రమే. దాని పక్క పేజీలో ఉన్నది చదివితే చాలాసార్లు కొనాలన్న ఉత్సాహం కాస్త తగ్గుతుంది.

ఆ పేజీలు దొరకడం కష్టమేమీ కాదు. కంపెనీ వార్షిక నివేదిక బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలోనూ కంపెనీ సొంత సైట్లోనూ ఉచితంగా ఉంటుంది. రెండు మూడు వందల పేజీల పుస్తకాన్ని చూసి బెదరక్కర్లేదు. ముందు భాగంలో ఉండే రంగుల ఫొటోలు, చైర్మన్ సందేశం ప్రస్తుతానికి వదిలేయండి. ఆడిటర్ నివేదిక దగ్గర మొదలుపెట్టి, దాని వెనకే వచ్చే మూడు పట్టికలు చూడండి. బ్యాలెన్స్ షీట్, లాభనష్టాల పట్టిక, నగదు ప్రవాహ పట్టిక. అనుబంధ కంపెనీలు ఉంటే ఇవి రెండేసి సార్లు కనిపిస్తాయి, ‘స్టాండలోన్’ అని ఒకసారి, ‘కన్సాలిడేటెడ్’ అని ఇంకోసారి. మీరు చదవాల్సింది రెండోది. షేరు కొంటే పిల్ల కంపెనీల అప్పుల్లోనూ మీకు వాటా వస్తుంది, అవి మొదటి దానిలో కనిపించకపోవచ్చు. పట్టిక పైన కుడిపక్కన చిన్న అక్షరాల్లో అంకెలు కోట్లలోనా, లక్షల్లోనా, మిలియన్లలోనా అన్నది రాసి ఉంటుంది. ముందు అది చూసుకోకపోతే పది కోట్ల కంపెనీ వంద కోట్ల కంపెనీగా కనిపించే ప్రమాదం ఉంది.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. వ్యవసాయ పంపుసెట్లు తయారుచేసి డీలర్ల ద్వారా అమ్ముతుంది. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో.

లాభనష్టాల పట్టిక ఒక ఏడాది కాలానికి రాసిన లెక్క. మొదటి వరుస అమ్మకాలు. మన కంపెనీకి కిందటేడు 400 కోట్లు, ఈ ఏడు 520 కోట్లు. అంటే 30 శాతం పెరిగాయి. ఆ కింద ‘ఇతర ఆదాయం’ అని ఒక వరుస. అది 3 కోట్ల నుంచి 11 కోట్లకు పెరిగింది. తర్వాత ఖర్చులు. ముడిసరుకు, జీతాలు, మిగతా ఖర్చులు కలిపి కిందటేడు 354, ఈ ఏడు 454. యంత్రాలు, భవనాల తరుగుదల 12 నుంచి 14 అయింది. వడ్డీ 9 నుంచి 18 అయింది. అన్నీ పోగా పన్నుకు ముందు లాభం కిందటేడు 28 కోట్లు, ఈ ఏడు 45. పన్ను 7, 11. చివరికి నికర లాభం 21 నుంచి 34 కోట్లయింది. పత్రికలో వచ్చిన 62 శాతం ఇదే.

ఇక్కడ ఆగి ‘ఇతర ఆదాయం’ వరుస దగ్గర ఒక చిన్న అంకె కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని వెనక ఉన్న వివరణల్లోకి, అంటే నోట్స్‌లోకి వెళ్లండి. ప్రతి వరుసకూ ఇలాంటి నోట్ నంబరు ఉంటుంది. వెళ్లి చూస్తే 11 కోట్లలో 3 కోట్లు బ్యాంకు వడ్డీ, మిగతా 8 కోట్లు పాత గోడౌన్ స్థలం అమ్మితే వచ్చిన లాభం అని తెలుస్తుంది. స్థలం అమ్మడం తప్పు కాదు. కానీ వచ్చే ఏడు అమ్మడానికి అది ఉండదు. ఇతర ఆదాయాన్ని రెండేళ్లలోనూ పక్కన పెడితే పన్నుకు ముందు లాభం 25 నుంచి 34కు పెరిగింది. పెరుగుదల 36 శాతం. తక్కువేమీ కాదు, కానీ శీర్షిక చెప్పిన మాట అది కాదు.

ఇదే పట్టికలో ఇంకో వరుస కూడా కాస్త కలవరపెడుతుంది. అమ్మకాలు 30 శాతం పెరిగితే వడ్డీ రెట్టింపయింది. ఎందుకు? జవాబు ఈ పేజీలో లేదు.

బ్యాలెన్స్ షీట్ ఏడాది కాలపు లెక్క కాదు, ఒక్క రోజు లెక్క. మార్చి 31 సాయంత్రానికి కంపెనీ దగ్గర ఏమున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది. ఆస్తుల మొత్తం, అప్పులూ వాటాదారుల సొమ్మూ కలిపిన మొత్తానికి ఎప్పుడూ సమానంగా ఉంటుంది. అలా సమానంగా ఉండటం కంపెనీ గొప్పతనమేమీ కాదు, లెక్క రాసే పద్ధతే అంత. చూడాల్సింది కిందటేటి గడికీ ఈ ఏటి గడికీ మధ్య ఏది ఎంత కదిలిందన్నది.

మన కంపెనీలో స్థలాలు, భవనాలు, యంత్రాలు 140 నుంచి 155 కోట్లయ్యాయి. గోడౌన్లలో సరుకు 60 నుంచి 85 అయింది. డీలర్ల నుంచి రావలసిన బాకీలు, పట్టికలో ‘ట్రేడ్ రిసీవబుల్స్’ అని ఉంటాయి, అవి 80 నుంచి 150కి చేరాయి. నగదు 10 నుంచి 19. మొత్తం ఆస్తులు 290 నుంచి 409. ఇటువైపు ముడిసరుకు ఇచ్చినవారికి కట్టాల్సినది 55 నుంచి 60. బ్యాంకు అప్పులు 90 నుంచి 175. వాటాదారుల సొమ్ము, అంటే మూలధనం, ఇన్నాళ్లుగా కూడిన మిగులు కలిపి, 145 నుంచి 174. వడ్డీ ఎందుకు రెట్టింపయిందో ఇప్పుడు తెలిసింది. అప్పు దాదాపు రెట్టింపయింది. కిందటేడు వాటాదారుల ప్రతి 100 రూపాయలకూ 62 రూపాయల అప్పు ఉండేది, ఇప్పుడు 100కు 100 ఉంది.

అప్పు చేసి ఫ్యాక్టరీ కట్టి ఉంటే అదొక కథ. కానీ యంత్రాలు, భవనాల వరుస 15 కోట్లే పెరిగింది. 85 కోట్ల కొత్త అప్పు ఎక్కడికి పోయింది? బాకీల వరుస చూడండి. అమ్మకాలు 30 శాతం పెరిగితే బాకీలు 87 శాతం పెరిగాయి. దీన్ని రోజుల్లోకి మార్చుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాకీని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో హెచ్చించండి. కిందటేడు 73 రోజులు, ఈ ఏడు 105. అంటే సరుకు పంపిన రెండున్నర నెలలకు వచ్చే డబ్బు ఇప్పుడు మూడున్నర నెలలకు వస్తోంది. లేదా రావడమే లేదు.

ఈ మూలంలోనే కొత్త మదుపరి తెలుసుకోవాల్సిన విషయం ఉంది. లాభనష్టాల పట్టికలో అమ్మకం రాసేది డబ్బు చేతికి వచ్చినప్పుడు కాదు, సరుకు కొన్నవారి అధీనంలోకి వెళ్లినప్పుడు. మార్చి 28న లారీలో డీలరు గోడౌన్‌కు వెళ్లిన పంపుసెట్లు ఈ ఏటి అమ్మకమే, డీలరు ఆగస్టులో డబ్బు కట్టినా సరే. ఇది మోసం కాదు, అంతటా అమల్లో ఉన్న పద్ధతే. కానీ లక్ష్యం అందుకోవడానికి మార్చి చివర్లో డీలర్లకు అడగని సరుకు కూడా అంటగట్టి, ‘డబ్బు తర్వాత చూసుకుందాం’ అనే యాజమాన్యాలు ఉంటాయి. అమ్మకం పెరుగుతుంది, లాభం పెరుగుతుంది, బాకీ కూడా పెరుగుతుంది. తర్వాతి ఏడు ఆ సరుకులో కొంత వెనక్కి వస్తుంది.

మన కంపెనీలో జరిగింది అదేనా? ఒక్క అంకె చూసి తేల్చకూడదు. ప్రభుత్వ పథకానికి పెద్ద ఆర్డరు దక్కించుకుని ఉండవచ్చు. ప్రభుత్వ బిల్లులు ఎంత నెమ్మదిగా కదులుతాయో మన రాష్ట్రాల్లో కాంట్రాక్టర్లను అడిగితే చెబుతారు. ఆ డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. ఏది నిజమో తెలుసుకోవడానికి ఇప్పుడొక దారి ఉంది. 2021-22 నుంచి కంపెనీలు బాకీలను వయసు ప్రకారం విడగొట్టి నోట్స్‌లో చూపాలి. ఆరు నెలల లోపువి, ఆరు నెలల నుంచి ఏడాది, ఏడాది నుంచి రెండేళ్లు, అలా మూడేళ్లు దాటినవాటి దాకా. 150 కోట్లలో ఎక్కువ భాగం ఆరు నెలల లోపుదైతే కంగారు తక్కువ. 40, 50 కోట్లు ఏడాది దాటినవై ఉండి, మునిగిపోతాయన్న అంచనాతో పక్కన పెట్టిన మొత్తం మాత్రం ఏ కోటో రెండు కోట్లో అయితే, రేపటి నష్టాన్ని ఇవాళ్టి లాభంలో దాచారని అనుకోవచ్చు.

ఇక మూడో పట్టిక. చాలామంది దీన్ని చూడరు. నా లెక్కలో ముందు చూడాల్సింది ఇదే. నగదు ప్రవాహ పట్టిక ఏడాదిలో నిజంగా వచ్చిన, పోయిన డబ్బును మూడు భాగాలుగా చూపిస్తుంది: వ్యాపారం నుంచి, పెట్టుబడుల మీద, అప్పులూ వాటాల ద్వారా.

మొదటి భాగం పన్నుకు ముందు లాభం 45తో మొదలవుతుంది. తరుగుదల 14 కలుపుతారు, అది ఈ ఏడు జేబులోంచి పోయిన డబ్బు కాదు కాబట్టి. వడ్డీ 18 కలిపి, ఇతర ఆదాయం 11 తీసేస్తారు, వాటిని కింది భాగాల్లో చూపుతారు కాబట్టి. 66 వచ్చింది. ఇందులోంచి బాకీల్లో పెరిగిన 70, సరుకులో పెరిగిన 25 తీసేసి, మనం ఇంకా కట్టని 5 కలిపితే మైనస్ 24. పన్ను 11 కట్టాక మైనస్ 35 కోట్లు. 34 కోట్ల లాభం చూపిన కంపెనీకి ఏడాది పొడవునా వ్యాపారం చేశాక చేతి నుంచే 35 కోట్లు పోయాయి.

రెండో భాగంలో కొత్త యంత్రాలకు 30 కోట్లు పెట్టారు, స్థలం అమ్మితే 9 వచ్చింది, వడ్డీ 3. మొత్తం మైనస్ 18. మూడో భాగంలో 85 కోట్ల అప్పు తెచ్చి, 18 వడ్డీ కట్టి, 5 కోట్లు డివిడెండ్ పంచారు. ప్లస్ 62. మూడూ కలిపితే నగదు 9 కోట్లు పెరిగింది. బ్యాలెన్స్ షీట్లో నగదు 10 నుంచి 19 అయిందని మురిసిపోయినవారికి అది బ్యాంకు ఇచ్చిన అప్పని ఇక్కడ తెలుస్తుంది. డివిడెండ్ కూడా ఆ అప్పులోంచే.

అయితే పెరుగుతున్న కంపెనీకి సరుకులోనూ బాకీల్లోనూ కొంత డబ్బు ఇరుక్కోవడం సహజం. ఒక్క ఏడాది మైనస్ వచ్చిందని కంపెనీని తీసిపారేయకూడదు. అందుకే పాత నివేదికలు కూడా తీసి ఐదేళ్ల నికర లాభాలను ఒకచోట, ఐదేళ్ల వ్యాపార నగదును ఒకచోట కూడండి. తరుగుదల కలిసి వస్తుంది కాబట్టి రెండోది మొదటిదానికి దగ్గరగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. ఐదేళ్లలో సగానికీ రాకపోతే, దానికి కారణం నివేదికలో ఎక్కడా కనిపించకపోతే, ఆ లాభం కాగితం మీదిదే.

ఇంతటి పరీక్షను కూడా బోల్తా కొట్టించిన కంపెనీ ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉండేది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో ఉన్న అంకెలు ఇవి. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేవు. రావలసిన వడ్డీ కింద చూపిన 376 కోట్లు లేవు. 2,651 కోట్ల బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవి. 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లోకే ఎక్కలేదు. ఆ మూడు నెలల అమ్మకాలు 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజానికి అమ్మకాలు 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. 24 శాతం అని చెప్పిన లాభం నిజంగా 3 శాతం. షేరు ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది.

సత్యంలో దొంగ లాభాన్ని బాకీల్లో దాచి ఊరుకోలేదు. బాకీలు మరీ పెరిగితే జనం గమనిస్తారు. అందుకని డబ్బు వచ్చేసిందని రాసి, బ్యాంకులో ఉందని చూపించారు. దాంతో మనం పైన చేసిన నగదు పరీక్షలో కూడా కంపెనీ చక్కగా నెగ్గేది. అంతర్జాతీయ పేరున్న సంస్థ ఆడిట్ చేసింది, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోనూ షేర్లు ట్రేడయ్యేవి. ఇంట్లో కూర్చుని నివేదిక చదివే మనిషి అది దొంగ లెక్కని తేల్చి చెప్పగలిగేవాడని నేననను. అనుమానించడానికి మాత్రం చోటు ఉంది. కంపెనీ దగ్గర వేల కోట్ల నగదు ఉంటే దాన్ని ఎందుకు పెట్టుకుంది? దానిమీద ఏడాదికి వచ్చిన వడ్డీ బ్యాంకు డిపాజిట్ రేటుకు దరిదాపుల్లో ఉందా? 500 కోట్లు డిపాజిట్లలో ఉన్నాయని చెప్పి వడ్డీ 8 కోట్లే చూపితే అక్కడ ఏదో తేడా ఉంది. వడ్డీ చేతికి రాకుండా ‘రావలసినది’గానే ఏటేటా పేరుకుపోతున్నా అంతే. చేతినిండా నగదు పెట్టుకుని పక్కన అప్పు తెస్తున్నా అంతే.

ఇంకో ఆనవాలు నోట్స్‌లోనే ‘సంబంధిత పక్షాల లావాదేవీలు’ అన్న చోట దొరుకుతుంది. యజమానుల కుటుంబ కంపెనీలకు అప్పులిచ్చారా, వారి నుంచి భూములు కొన్నారా, ఎంత ధరకు అన్నది అక్కడ రాయాలి. 2008 డిసెంబర్ 16న సత్యం తన యజమాని కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటానని ప్రకటించి, మదుపర్లు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులు తెచ్చి పెట్టే చివరి ప్రయత్నమే అదని ఆ లేఖలోనే ఉంది. కంపెనీలో యజమాని కుటుంబం వాటా అప్పటికే బాగా తగ్గిపోయి, ఉన్నదాంట్లోనూ షేర్లు తాకట్టులో ఉన్నాయి. ఆ తాకట్టు వివరాలు వెల్లడించి తీరాలని సెబీ నిబంధన తెచ్చింది సత్యం తర్వాతే. ఇప్పుడు మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజ్ సైట్లలో వాటాల వివరాల పేజీలో అది కనిపిస్తుంది.

ఆడిటర్ నివేదికలో ఒక్క విషయం చూస్తే చాలు. ‘క్వాలిఫైడ్’ అన్న మాట ఉందంటే మెచ్చుకోలు కాదు, ఫలానా లెక్కతో మేం ఏకీభవించడం లేదని ఆడిటరు రాసి ఇచ్చినట్టు. గడువు మధ్యలో ఆడిటరు రాజీనామా చేసి వెళ్లిపోయిన కంపెనీకి కొత్త మదుపరి దూరంగా ఉండటం మంచిది.

ఈ పద్ధతంతా వస్తువులు, సేవలు అమ్మే కంపెనీలకే పనికొస్తుంది. బ్యాంకుల షేర్లకు కుదరదు. వాటికి జనం వేసిన డిపాజిట్లే అప్పు, ఇచ్చిన రుణాలే ఆస్తి. వ్యాపార నగదు మైనస్ వచ్చినంత మాత్రాన అక్కడ చెడ్డ గుర్తు కాదు. మొండి బాకీల లెక్కతో మొదలుపెట్టి వాటిని వేరే విధంగా చదవాలి. మొదటి షేరు బ్యాంకుది కాకుండా ఉంటే నేర్చుకోవడం తేలిక.

మన పంపుసెట్ల కంపెనీ సంగతి తేల్చేద్దాం. పంపులు ఎక్కువగా అమ్ముడయ్యేది ఎండాకాలంలో, అందుకని మార్చి ఆఖరున బాకీలు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. మార్చిని మార్చితోనే పోల్చాం కాబట్టి 73 రోజులు 105 కావడానికి ఆ సాకు పనికిరాదు. అప్పు, వడ్డీ రెట్టింపు కావడం, వ్యాపారం నుంచి నగదు రాకపోవడం, లాభంలో స్థలం అమ్మిన డబ్బు కలవడం, ఇవన్నీ ఒకే ఏడాది వచ్చాయి. మేలో ఆ శీర్షిక చూసి ఈ షేరు కొనకండి. జూన్ త్రైమాసిక ఫలితాల్లో లాభనష్టాలు మాత్రమే ఉంటాయి, బ్యాలెన్స్ షీట్ ఉండదు, కాబట్టి అదీ సరిపోదు. సెప్టెంబర్ 30 నాటి ఆస్తులు, అప్పులు, నగదు ప్రవాహం పట్టికలను కంపెనీ నవంబర్ 14లోగా బయటపెట్టాలి. మార్చిలో పంపిన సరుకు డబ్బు నిజంగా వచ్చేదే అయితే అప్పటికి వచ్చి ఉండాలి. కిందటేటి సెప్టెంబర్‌తో పోల్చి చూడండి. బాకీ దిగి, అప్పు దిగితే అప్పుడు ధర గురించి ఆలోచించండి. దిగకపోతే ఈ కంపెనీని వదిలేసి ఇంకో కంపెనీ నివేదిక తెరవండి.